2100లో ఫిబ్రవరి 29 ఎందుకు రాదు?

కావలి

చిరంజీవులు చిన్నికీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

చిన్నీ, నువ్వు 2016 ఫిబ్రవరి 29న పుట్టావు కనుక నీ తేదీ నాలుగేళ్లకోసారి వస్తుంది. కానీ 2096 తరువాత అది మళ్లీ వచ్చేది 2104లోనే. 2100ను నాలుగుతో భాగిస్తే శేషం ఉండదు కదా, మరి ఎందుకు లీపు సంవత్సరం కాదని మొన్న ఫోనులో అడిగావు. లెక్క నోటితో చెప్పేది కాదు గనుక ఉత్తరం రాస్తున్నాను.

మన ఇంటి వీధి వాకిలి సరిగ్గా తూర్పుకు ఉంది. మార్చి 20, 21 తేదీలలో సూర్యుడు నేరుగా తూర్పున ఉదయిస్తాడు కాబట్టి, ఆ రోజుల్లో తొలి ఎండ గడప దాటి, నడవ గుండా సాగి, పెరటి తలుపును తాకుతుంది. జూన్ నాటికి అదే ఎండ పక్కకు వాలి దక్షిణపు గోడ మీద పడుతుంది. సూర్యుడు ఇలా ఉత్తరానికీ దక్షిణానికీ తిరిగి మళ్లీ నడితూర్పుకు చేరడానికి 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 46 సెకన్లు పడుతుంది. క్యాలెండరు మాత్రం 365 రోజులనే లెక్కిస్తుంది.

మిగిలిన ఆ సమయం నాలుగేళ్లకు 23 గంటల 15 నిమిషాలు అవుతుంది. మనం దానికి బదులు నిండు రోజును, అంటే 24 గంటలను కలుపుతున్నాము. ప్రతిసారీ 45 నిమిషాలు ఎక్కువ వేసినట్టే. నూరేళ్లలో ఇలా 25 సార్లు కలిపితే ఎక్కువైనది దాదాపు 18 గంటల 45 నిమిషాలు, నాలుగు వందల ఏళ్లకు 75 గంటలు. ఐరోపాలో శతాబ్దాల పాటు దీన్ని సరిచేయకపోవడం వల్ల, 1582 నాటికి, సూర్యుడు నేరుగా తూర్పున ఉదయించే ఆ రోజు, అంటే మార్చి 21న ఉంటుందనుకున్న విషువత్తు, మార్చి 11కు వచ్చేసింది. అప్పుడు పోప్ 13వ గ్రెగరీ ఆజ్ఞతో అక్టోబరు 4 మరునాటిని అక్టోబరు 15గా లెక్కించి పది రోజులు తీసివేశారు.

ఇకముందు ఆ తప్పు పేరుకోకుండా ఏం చేయాలి? బుజ్జీ, ఇక్కడ నువ్వు నిదానంగా చదవాలి. నూరేళ్లకోసారి లీపు రోజును మానేస్తే నాలుగు వందల ఏళ్లలో నాలుగు రోజులు, అంటే 96 గంటలు పోతాయి. పోవలసినవి 75 మాత్రమే, కాబట్టి 21 గంటలు తక్కువ పడతాయి. మూడు రోజులే మానేస్తే 72 గంటలు పోయి, మూడు గంటలు మాత్రమే మిగులుతాయి. అందుకే నాలుగు శతాబ్ది సంవత్సరాలలో మూడింటిని వదిలి, 400తో భాగింపబడే దానిని లీపుగా ఉంచారు. 1700, 1800, 1900 లీపు సంవత్సరాలు కాలేదు, 2000 అయింది. ఈ నియమంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ 2000కు ఇచ్చిన మినహాయింపే.

చిన్నీ, 2100ను 400తో భాగిస్తే శేషం 100 వస్తుంది. అందువల్ల నీకు 84 ఏళ్లు నిండే ఆ సంవత్సరంలో ఫిబ్రవరి 28 మరునాడే మార్చి 1 వస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య