అరవై సెకన్ల మిక్సీ యాడ్: అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట వైపు హోమ్ అప్లయన్సెస్ షాపులవాళ్లకు లోకల్ కేబుల్, సినిమా హాల్ యాడ్ల స్క్రిప్టులు రాస్తుంటాను. బతుకమ్మ సీజన్ వస్తే ఎక్కువగా మిక్సీలే. అప్పుడు పదే పదే వినబడే మాటలు ఇవి.

అపోహ: నిమిషం యాడ్ అంటే నిమిషం పాటు మాటలు. నూటయాభై పదాలు రాయాలి.

ఆ నూటయాభై లెక్క ఇంగ్లిష్‌ది. అక్కడ నాలుగైదు పదాలతో చెప్పేది మనకు ‘రుబ్బుకోవాలనుకుంటే’ అన్న ఒక్క పదంలో ఇమిడిపోతుంది. అంటే పదాలు తక్కువైనా ఒక్కోటి పలకడానికి టైమ్ ఎక్కువ పడుతుంది. తెలుగు వాయిస్ సాఫీగా వినబడాలంటే సెకనుకు రెండు పదాలకు లోపే ఉండాలన్నది నా లెక్క. పైగా అరవై సెకన్లూ వాయిస్‌కు దొరకవు.

సద్దుల బతుకమ్మకు పల్లి సత్తు చేసే సీన్‌తో మిక్సీ యాడ్ అనుకుందాం. మొదటి 6 సెకన్లు మూకుడులో పల్లీలు వేగుతుంటాయి. కోలాటం దరువు తప్ప మాట ఉండదు. తర్వాతి 8 సెకన్లు ఇద్దరి మాటలు:

“అత్తమ్మా, పల్లీలు ఏగినయ్. మిక్సీల వెయ్యనా?”
“చల్లారనియ్యి బిడ్డా. ఏడి మీద వేస్తే నూనె దిగి ముద్దయితది.”

14వ సెకను నుంచి 22 వరకు మిక్సీ తిరగాలి. స్విచ్‌ను ఆపి ఆపి మూడు సార్లు తిప్పాలి. ఏకధాటిగా తిప్పితే చల్లారిన పల్లీలు కూడా నూనె వదులుతాయి. ఆ సంగతి ఇంట్లో ఆడవాళ్లకు తెలుసు కాబట్టి యాడ్‌లో తప్పు తిప్పితే మిక్సీ మీద నమ్మకం అక్కడే పోతుంది. ఆ 8 సెకన్లు వాయిస్, సంగీతం రెండూ ఉండకూడదు. మోటార్ హోరు మీద మాట పెడితే రెండూ వినబడవు. ఆ హోరును ఎడిటింగ్‌లో మరీ మెత్తగా చేసి ‘చప్పుడు లేని మిక్సీ’ అనడం కూడా వద్దు, కొన్నవాళ్లు ఇంటికి పోయి స్విచ్ వేయగానే విషయం తెలిసిపోతుంది.

22 నుంచి 44 వరకు వాయిస్ ఓవర్. 44 నుంచి 52 వరకు సత్తు రుచి చూసే ముఖాలు, సంగీతం. చివరి 8 సెకన్లు షాపు పేరు, ఎక్కడుందో. మొత్తం కలిపితే మాటకు మిగిలింది 38 సెకన్లే, అంటే అరవై, డెబ్భై పదాలు. ఓనర్ ఫోన్ నంబర్ రెండుసార్లు చదవమంటారు. పది అంకెలు ఒకసారి చదివినా చివరి 8 సెకన్లలో సగానికి పైగా పోతుంది. దాన్ని తెర మీద వేస్తే సరిపోతుంది.

అపోహ: వాయిస్ చెప్పేదంతా తెర మీద కూడా పడాలి.

అలా వేస్తే జనం చదువుతూ కూర్చుంటారు, మిక్సీని చూడరు. చెవికి నిలవనివే తెర మీద వేయాలి: 750 వాట్లు, మూడు జార్లు, ధర, ఫోన్ నంబర్. ఒకసారికి ఒకటే, రెండో లైన్ లేకుండా. ఎంతసేపు ఉంచాలో చూడ్డానికి నేను మనసులో నిదానంగా రెండుసార్లు చదువుకుంటాను.

‘5 ఏళ్ల గ్యారంటీ’ అని పెద్దగా వేసి, అది మోటార్‌కు మాత్రమేనన్న సంగతి కింద చీమ తలకాయంత ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టడం చాలామందికి అలవాటు. ప్రకటనల ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐ మార్గదర్శకాల ప్రకారం షరతు కూడా ఆ మాట చెప్పిన భాషలోనే, చదవగలిగేలా ఉండాలి. నేనైతే ‘మోటార్‌కు 5 ఏళ్ల గ్యారంటీ’ అని ఒకే లైన్‌లో రాస్తాను. ఓనర్లకు నచ్చదు కానీ, తర్వాత కౌంటర్ దగ్గర గొడవ ఉండదు.

అపోహ: సినిమా పాట పది సెకన్ల లోపు వాడితే ఏం కాదు.

1957 కాపీరైట్ చట్టంలో పది సెకన్ల మినహాయింపు అనేదే లేదు. వేరేవాళ్లతో మళ్లీ పాడించినా ట్యూన్‌కు, సాహిత్యానికి అనుమతి కావాలి. బతుకమ్మ పాటలతో ఇంకో చిక్కు ఉంది. తరతరాలుగా వస్తున్న పాట ఎవరి సొత్తూ కాకపోవచ్చు గానీ, యూట్యూబ్‌లో దొరికిన రికార్డింగ్ మాత్రం దాన్ని చేసినవాళ్లదే. అందుకే ఊళ్లో డప్పు వాయించేవాళ్లను పిలిపించి కొత్తగా రికార్డ్ చేసుకోవడమే మేలు.

స్క్రిప్టులో ఉత్తగా ‘బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్’ అని రాసి వదిలేస్తే ఎడిటర్ మొదటి నుంచి చివరి దాకా ఒకే ట్రాక్ పరిచేస్తాడు. నేను ఇలా రాస్తాను: ‘14: దరువు టక్కున ఆగాలి. 22: వాయిస్ కింద సన్నగా మొదలు. 44: పెద్దది కావాలి. 58: మూడు డప్పు దెబ్బలతో ముగింపు, ఫేడ్ వద్దు.’ ఫేడ్ ఎందుకు వద్దంటే, కేబుల్‌లో పక్క యాడ్ అర సెకను ముందే మీద పడుతుంది, మెల్లగా తగ్గుతున్న సంగీతం మధ్యలో తెగిపోతుంది.