వేవిళ్ళకు వేళాపాళా లేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మా కోనసీమలో కొత్తగా కడుపుతో ఉన్న అమ్మాయి సాయంత్రం వాంతి చేసుకుంటే ఇంట్లో ముందు మధ్యాహ్నం కూరను అనుమానిస్తారు. పొద్దున్న పళ్ళు తోముకునేటప్పుడు వస్తేనే వేవిళ్ళు, పొద్దుగూకాక వస్తే పైత్యమో గ్యాసో అని ఒక లెక్క పాతుకుపోయింది. ప్రసూతి వైద్యురాలిగా నేను తరచూ సరిచేయాల్సి వచ్చే లెక్క ఇది.

అపోహ: వేవిళ్ళు పొద్దున్నే రావాలి

కేవలం పొద్దున్న మాత్రమే వికారం ఉండి, మిగతా రోజంతా హాయిగా తిరిగే గర్భిణులు చాలా తక్కువ. ఎక్కువమందికి రోజులో ఏదో ఒక వేళ ఉద్ధృతంగా, మిగతా సమయంలో సన్నగా ఉంటుంది. కొందరికి తెల్లవారుజాము నుంచి పడుకునేదాకా ఉంటుంది.

కారణం చూస్తే ఇది వింతేమీ కాదు. గర్భం నిలిచాక మాయ తయారుచేసే హార్మోన్లు తల్లి రక్తంలో చేరతాయి. వాటిలో జీడీఎఫ్-15 అనేది మెదడు వెనుక భాగంలో వాంతిని నడిపించే కేంద్రాన్ని తట్టి లేపుతుందని 2023లో వచ్చిన పరిశోధన బలంగా చూపించింది. గర్భానికి ముందు ఆ హార్మోను ఒంట్లో తక్కువగా ఉన్నవారికి ఒక్కసారిగా పెరిగేసరికి బాధ ఎక్కువవుతుందట. ఒకే ఇంట్లో అక్కకు ఏమీ లేకుండా, చెల్లెలు మంచం పట్టడానికి ఇదొక కారణం కావచ్చు. గర్భ పరీక్షలో కనిపించే హెచ్‌సీజీ కూడా గంట గంటకూ పెరిగి తగ్గేది కాదు, రోజంతా రక్తంలో ఉంటుంది. అంటే వికారానికి కావలసిన సరుకు ఇరవై నాలుగు గంటలూ సిద్ధంగానే ఉంది. అది ఏ వేళ బయటపడుతుందన్నది ఖాళీ కడుపు, వాసన, ఉక్క, అలసట తేలుస్తాయి. రాత్రంతా కడుపు ఖాళీగా ఉంటుంది కాబట్టి కొందరికి పొద్దున్న ఎక్కువ. అంతకు మించి పొద్దునకు ప్రత్యేకత లేదు.

రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను (గుర్తుపట్టే వివరాలు మార్చాను). చివరి నెలసరి నుంచి లెక్కిస్తే ఏడో వారం. పొద్దున్న బాగానే ఉంటోంది, సాయంత్రం నాలుగు దాటితే రాత్రి పదింటిదాకా వాంతులు. గ్యాసు మాత్రలు వేసినా తగ్గలేదని అత్తగారు వెంటబెట్టుకొచ్చారు. బరువు 52 కిలోల నుంచి 50.8కి దిగింది. తిండి చాలక ఒంట్లో కొవ్వు కరిగితే మూత్రంలో కనిపించే కీటోన్లు ఈమెకు లేవు. మొదటి బరువులో అయిదు శాతం, అంటే ఈమెకు 2.6 కిలోలు తగ్గితే నాకు గట్టి ఆందోళన. అంత దూరం రాలేదు.

గంటల వారీగా ఏం జరుగుతోందో అడిగాను. ఏడింటికి కాఫీ, తొమ్మిదింటికి రెండు ఇడ్లీలు, ఒంటిగంటకు నాలుగు ముద్దల అన్నం. ఆ తరువాత రాత్రి భోజనం వరకు ఏమీ లేదు. నాలుగున్నరకు భర్త రొయ్యల చెరువు నుంచి మేత వాసన అంటిన బట్టలతో ఇంటికి వస్తాడు. అప్పుడే పొయ్యి మీద చేపల పులుసు, పక్కనే గంజి వార్చడం. పైగా మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఐరన్ మాత్ర మధ్యాహ్నం వేసుకుంటోంది. నాలుగు దాటాక ఆ అమ్మాయి కడుపు ఖాళీగా, లోపల ఐరన్‌తో, చుట్టూ నీచువాసనతో ఉంటోంది. వాంతి ఆ వేళకు కాక ఇంకెప్పుడు వస్తుంది?

మార్పులు చిన్నవే. మూడింటికి ఆకలి వేసినా వేయకపోయినా గుప్పెడు మరమరాలో అటుకులో, అయిదింటికి కాస్త పెరుగన్నం. నీళ్ళు భోజనంతో కాకుండా మధ్యమధ్యలో గుక్క గుక్కగా. భర్త బయటి కుళాయి దగ్గరే స్నానం చేసి బట్టలు అక్కడే విడవడం. పులుసు పొద్దున్నే వండేయడం; దీనికి అత్తగారు కాస్త మొహం ముడుచుకున్నారు కానీ ఒప్పుకున్నారు. రక్తం బాగా తక్కువగా ఉంటే తప్ప మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ చాలు, ఐరన్ నాలుగో నెల నుంచి మొదలుపెట్టవచ్చు కాబట్టి ఆ మాత్ర ఆపించాను.

వాంతి మాత్రకూ వేళ ఉంది. డాక్సిలమైన్, విటమిన్ బి6 కలిసిన మాత్ర నెమ్మదిగా కరుగుతుంది. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే దాని పని ఎక్కువగా మర్నాటి పొద్దున్న కనిపిస్తుంది. సాయంత్రం బాధపడేవారికి పగటి మోతాదు కూడా కావాలి. అందరికీ ఒకే వేళ రాసిచ్చి, తగ్గలేదంటే మందు మంచిది కాదనడం సరికాదు. ఇది నిద్ర తెప్పిస్తుంది కాబట్టి మోతాదు, వేళ డాక్టరే నిర్ణయించాలి.

అపోహ: వాంతులు ఆగాయంటే కడుపులో బిడ్డకు ఏదో అయింది

ఇదే అమ్మాయి పదో వారంలో కంగారుగా వచ్చింది. తొమ్మిదో వారంలో రాత్రిపూట కూడా మొదలైన వాంతులు రెండు రోజులుగా లేవట. స్కాన్‌లో బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. మూడో రోజు వాంతులు మళ్ళీ వచ్చాయి. అత్తగారు ఊపిరి పీల్చుకున్నారు, కోడలికి మాత్రం ఆ ఆనందం పంచుకునే ఓపిక లేదు.

సాధారణంగా వికారం అయిదారు వారాల మధ్య మొదలై, తొమ్మిదో వారం అటూ ఇటూగా పతాక స్థాయికి చేరుతుంది. పది, పదకొండు వారాల్లో ఒక రోజు బాగుండి ఒక రోజు బాగుండక ఊగుతుంది. పన్నెండు నుంచి పద్నాలుగు వారాల మధ్య చాలామందికి తేలికపడుతుంది. మూడో నెల నిండిన రోజున టక్కున ఆగిపోవాలని ఎదురుచూడకండి. పదహారు, ఇరవై వారాలదాకా సాగేవారూ ఉన్నారు. ఈ అమ్మాయికి పద్నాలుగో వారానికి వాంతులు పోయినా, మేత వాసనకు వికారం ఇంకా మిగిలింది. ఒకటి రెండు రోజులు తెరిపి ఇచ్చినంత మాత్రాన భయం లేదు. రక్తస్రావమో కడుపునొప్పో తోడైతే మాత్రం ఆగకుండా రావాలి.

వాంతులు ఎక్కువైతే ఆడపిల్ల అనే మాట గురించి ఒక్క వాక్యం: దాన్నిబట్టి ఏ ఒక్క ఇంట్లోనూ ఏమీ చెప్పలేం.

అపోహ: ఒక గ్లూకోజు సీసా ఎక్కిస్తే సరిపోతుంది

ఊళ్ళో అందరికీ దగ్గరి వైద్యం ఇదే, నాకు ఎక్కువ భయం కలిగించేదీ ఇదే. వారాల తరబడి ఏదీ నిలవని మనిషి ఒంట్లో విటమిన్ బి1 నిల్వలు కరిగిపోతాయి. ఆ స్థితిలో ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే, దాన్ని వాడుకోవడానికి మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు చెదరడం, నడకలో తూలడం, మాటలో తికమక దాని గుర్తులు. అందుకే ముందు బి1 ఇంజెక్షన్, ఉప్పునీటి సెలైన్, లవణాల పరీక్ష. గ్లూకోజు అవసరమైతే ఆ తరువాతే.

రోజంతా నీళ్ళు కూడా నిలవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నా అమలాపురమో కాకినాడో, దగ్గరున్న ఆసుపత్రికి అదే రోజు వెళ్ళాలి. తొమ్మిదో వారం వరకు అసలు వికారమే లేకుండా తరువాత కొత్తగా వాంతులు మొదలైతే దాన్ని వేవిళ్ళ ఖాతాలో వేయకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కామెర్లు, పిత్తాశయంలో రాళ్ళు, అపెండిసైటిస్, థైరాయిడ్ ఉన్నాయేమో ముందు చూపించుకోండి.