ఆంగ్‌స్ట్రామ్ వెనక దాగిన 0.2 శాతం తేడా

మెటీరియల్స్ సైన్స్ పేపర్లలో ఒకే పేజీలో మూడు రకాల కొలతలు కనబడడం మామూలే. స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరం ఆంగ్‌స్ట్రామ్‌లలో, పైన వేసిన పొర మందం నానోమీటర్లలో, గ్రెయిన్ సైజు మైక్రోమీటర్లలో ఉంటాయి. మార్చుకోవడం కష్టమేమీ కాదు. ఆంగ్‌స్ట్రామ్‌లను 10తో భాగిస్తే నానోమీటర్లు, 10,000తో భాగిస్తే మైక్రోమీటర్లు వస్తాయి. 2500 Å మందం ఉన్న పొర అంటే 250 nm, అంటే 0.25 µm. డిఫ్రాక్షన్ గ్రాఫులో అడ్డగీత మీద Å⁻¹ అని ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ nm⁻¹ కావాలంటే 10తో గుణించాలి.

ఇప్పటి పేపర్లకు ఈ లెక్క చాలు. 1947కు ముందు వచ్చిన ఎక్స్‌రే పేపర్లకు ఒక్కోసారి చాలదు. వాటిలో Å అని రాసి ఉన్నది నిజమైన ఆంగ్‌స్ట్రామ్ కాకపోవచ్చు.

స్వీడన్‌కు చెందిన ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ 1868లో సూర్యకాంతి వర్ణపటం పటాన్ని ప్రచురించినప్పుడు తరంగదైర్ఘ్యాలను మీటరులో వెయ్యి కోట్లవ వంతుల్లో ఇచ్చాడు. తర్వాత ఆ కొలతకు ఆయన పేరే స్థిరపడింది. 1907లో దాన్ని కాడ్మియం ఎర్ర గీతకు ముడిపెట్టి, ఆ గీత తరంగదైర్ఘ్యం 6438.4696 ఆంగ్‌స్ట్రామ్‌లని నిర్ణయించారు. ఇలా వచ్చిన ఆంగ్‌స్ట్రామ్‌కూ మీటరు నుంచి లెక్కగట్టిన దానికీ ఉన్న తేడా పట్టించుకోనక్కర్లేనంత చిన్నది. 1960లో మీటరు నిర్వచనమే మారాక అదీ పోయింది.

అసలు చిక్కు ఎక్స్‌రేల దగ్గర వచ్చింది. ఎక్స్‌రే తరంగదైర్ఘ్యం కొలవాలంటే స్ఫటికంలో పొరల మధ్య దూరం ముందే తెలియాలి. స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త మానె సీగ్‌బాన్ కాల్సైట్ స్ఫటికాన్ని ఆధారంగా తీసుకుని ఎక్స్ యూనిట్‌ను నిర్ణయించాడు. వెయ్యి ఎక్స్ యూనిట్లు, అంటే ఒక kX, సరిగ్గా ఒక ఆంగ్‌స్ట్రామ్ కావాలన్నది ఉద్దేశం. కానీ కాల్సైట్ పొరల దూరాన్ని దాని సాంద్రత, అవొగాడ్రో సంఖ్య నుంచి లెక్కగట్టారు. ఆ అవొగాడ్రో సంఖ్య ఎలక్ట్రాన్ ఆవేశం నుంచి వచ్చింది. ఆవేశం విలువ మిల్లికాన్ నూనె చుక్కల ప్రయోగానిది. ఆ ప్రయోగంలో వాడిన గాలి స్నిగ్ధత విలువ కొంచెం తక్కువగా ఉండడంతో ఆవేశం దాదాపు 0.6 శాతం తగ్గి వచ్చింది. దాంతో అవొగాడ్రో సంఖ్య అంతే పెరిగింది, ఒక్కో అణువుకు లెక్కలో దక్కే ఘనపరిమాణం అంతే తగ్గింది. పొడవు ఘనమూలం కాబట్టి అందులో మూడో వంతు, అంటే 0.2 శాతం తగ్గింది. నూనె చుక్క చుట్టూ ఉన్న గాలి గురించిన చిన్న పొరపాటు అలా స్ఫటికాల కొలతలన్నిటిలోకీ పాకింది.

గీతలు గీసిన గ్రేటింగ్ మీద ఎక్స్‌రేలను బాగా ఏటవాలుగా పడేసి, స్ఫటికం అవసరం లేకుండా తరంగదైర్ఘ్యం కొలిచినప్పుడు ఈ తేడా బయటపడింది. చివరికి 1947లో ఒక kX అంటే 1.00202 Å అని ఎక్స్‌రే స్ఫటిక శాస్త్రవేత్త లారెన్స్ బ్రాగ్ ప్రకటించాడు. అప్పటిదాకా చాలామంది kX విలువలనే Å అని రాసేవారు.

పాత పేపర్‌లో ఏది వాడారో పట్టుకోవడానికి ప్రయోగ వివరాల్లో ఇచ్చిన తరంగదైర్ఘ్యం చూడాలి. కాపర్ నుంచి వచ్చే ఎక్స్‌రేల్లో కె-ఆల్ఫా-1 అనే గీతకు 1.5374 అని ఉంటే అది kX. 1.5405 లేదా 1.5406 అని ఉంటే ఆంగ్‌స్ట్రామే. ఉదాహరణకు సిలికాన్ లాటిస్ పారామీటర్, అంటే స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే గడి అంచు పొడవు, 5.420 Å అని, తరంగదైర్ఘ్యం 1.5374 అని ఇచ్చారనుకుందాం. 5.420ను 1.00202తో గుణిస్తే 5.431 వస్తుంది. ఇప్పుడు అందరూ వాడే విలువ అదే. దాన్ని 10తో భాగిస్తే 0.5431 nm. ముందే 10తో భాగించి ఊరుకుంటే 0.5420 దగ్గర ఆగిపోతాం.

ఈ తేడా 0.011 Å. చూడడానికి చిన్నదే గానీ సిలికాన్-జెర్మేనియం మిశ్రమాల్లో దీని బరువు తెలుస్తుంది. జెర్మేనియం పారామీటర్ 5.658 Å. సిలికాన్‌తో పోలిస్తే తేడా 0.227 Å. మధ్యలో పారామీటర్ సరళరేఖలో మారుతుందనుకుంటే 0.011 Å అంటే సుమారు 5 శాతం జెర్మేనియం. అంటే పాత పేపర్‌లోని పారామీటర్‌ను దిద్దకుండా వాడితే మిశ్రమంలో ఉన్న జెర్మేనియాన్ని అంత తక్కువగా లెక్కగడతాం.

పొర మందం విషయంలో ఈ టెన్షన్ అక్కర్లేదు. మందాన్ని సాధారణంగా ఈ ఎక్స్‌రే స్కేలుతో కొలవరు. కొలిచినా 2500 Å పొరలో 0.2 శాతం అంటే 5 Å మాత్రమే. అక్కడ చూసుకోవాల్సింది దశాంశ బిందువు ఎన్ని స్థానాలు జరిగిందన్నదే.