డెక్సా రిపోర్టులో నడుము ఒక మాట, తుంటి ఒక మాట

ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ రిపోర్టులో మైనస్ గుర్తు కనబడగానే చాలామంది ఆడవాళ్ళు కంగారు పడతారు. ఆ మైనస్ దేనికన్నా తక్కువో తెలిస్తే కంగారు సగం తగ్గుతుంది. టీ స్కోరు అనే ఆ అంకె మన ఎముకను మన వయసు వాళ్ళతో కాకుండా, ఎముక గట్టిదనం శిఖరాన ఉండే ఇరవైల వయసు స్త్రీల సగటుతో పోలుస్తుంది. ఆ వయసులోనూ అందరి ఎముకలూ ఒకేలా ఉండవు కదా. వాళ్ళలో వాళ్ళకుండే సహజమైన తేడాను ఒక మెట్టుగా తీసుకుంటారు. సగటుకు ఎన్ని మెట్లు కింద ఉన్నామో చెప్పేదే టీ స్కోరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఈ మెట్ల మీద గీతలు గీసింది. మైనస్ 1, ఆపైన ఉంటే మామూలు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఆస్టియోపీనియా, అంటే సాంద్రత కొంత తగ్గడం. మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందగానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారడం. లెక్క ప్రకారమే ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ అమ్మాయిల్లో కూడా నూటికి దాదాపు 16 మంది మైనస్ 1 కింద పడతారు. అందుకే ఆస్టియోపీనియా అన్నది జబ్బు పేరు కాదు, సాంద్రత ఏ మెట్టు మీద ఉందో చెప్పే పేరు. ఆడవాళ్ళలో ఈ గీతలు నెలసరి ఆగిన వాళ్ళకే వర్తిస్తాయి. నెలసరి ఇంకా వస్తున్న నలభై రెండేళ్ళ ఆమెకు టీ స్కోరు చూసి ఆస్టియోపీనియా అని రాయడం సరికాదు. ఆమెకు తన వయసు వాళ్ళతో పోల్చే జెడ్ స్కోరు చూడాలి.

మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా రాజురా వైపు ఉండే ఒక తెలుగు గృహిణి రిపోర్టు ఇలా ఉందనుకుందాం. వయసు 53, నెలసరి ఆగి నాలుగేళ్ళు, బరువు 46 కిలోలు. నడుము వెన్నుపూసలు నాలుగూ కలిపి టీ స్కోరు మైనస్ 0.9. తుంటి మొత్తానికి మైనస్ 1.6. తుంటిలోనే తొడ ఎముక మెడ దగ్గర సాంద్రత చదరపు సెంటీమీటరుకు 0.616 గ్రాములు, టీ స్కోరు మైనస్ 2.1. ఈ చివరి అంకె ఎలా వచ్చిందో చూద్దాం. ఆ యంత్రంలో యువతుల సగటు 0.849, ఒక మెట్టు 0.111 అనుకుంటే, 0.849 లోంచి 0.616 తీస్తే 0.233. దాన్ని 0.111తో భాగిస్తే 2.1. సగటుకు కింద ఉంది కాబట్టి మైనస్.

నడుము మామూలే అంటోంది, తుంటి కాదంటోంది. ఇలాంటప్పుడు రెండింటి సగటు తీయకూడదు. నడుము, మొత్తం తుంటి, తొడ ఎముక మెడ, ఈ మూడింటిలో ఏది తక్కువో దాన్నే లెక్కలోకి తీసుకోవాలి. అంటే ఈమెది ఆస్టియోపీనియా. అదీ ఆస్టియోపోరోసిస్ గీతకు దగ్గర్లో.

మరి నడుము అంకె అంత బాగా ఎందుకు వచ్చింది? రిపోర్టు రెండో పేజీలో ఒక్కో వెన్నుపూసకు విడిగా అంకెలుంటాయి. ఈమెకు పైనుంచి మొదటి నడుము పూస ఎల్1 మైనస్ 1.8, ఎల్2 మైనస్ 1.7, ఎల్3 మైనస్ 1.5, ఎల్4 మాత్రం ప్లస్ 0.7. పక్క పూసకన్నా ఒక మెట్టుకు మించి తేడా ఉన్న పూసను అనుమానించాలి. అరుగుదల వల్ల పూస అంచున కొత్త ఎముక పెరిగినా, పూస నొక్కుకుపోయి విరిగినా అక్కడ సాంద్రత ఎక్కువగా కనిపిస్తుంది. స్కాన్ ఎక్స్‌రే నీడను కొలుస్తుందే గానీ ఆ నీడ మంచి ఎముకదో కాదో చెప్పలేదు. స్కాన్‌కు ముందు మింగిన కాల్షియం మాత్ర కరగకుండా పొట్టలో ఉన్నా అదీ నడుము లెక్కలో కలవొచ్చు. అందుకే 24 గంటల ముందు నుంచి ఆ మాత్ర ఆపమంటారు. ఎల్4 తీసేసి మళ్ళీ లెక్కిస్తే ఈమె నడుము అంకె మైనస్ 1.7 దగ్గర నిలుస్తుంది. లెక్క నిలవాలంటే కనీసం రెండు పూసలైనా మిగలాలి.

చంద్రపూర్, యవత్‌మాల్ జిల్లాల్లో చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. నల్లగొండ సంగతి తెలిసిన తెలుగువాళ్ళకు దాని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగిన వాళ్ళ వెన్నెముకలో సాంద్రత పెరుగుతుంది. స్కోరు ప్లస్‌లోకీ పోవచ్చు. కానీ ఆ ఎముక దట్టంగా ఉన్నా పెళుసు. ఇక్కడ నాలుగు పూసలూ కలిసే పెరుగుతాయి కాబట్టి ఒక పూసను తీసేసినా ఫలితం ఉండదు. పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, వంగని మెడ, బిగిసిన నడుము ఉంటే ఎక్కడి నీళ్ళు తాగుతూ పెరిగారో డాక్టరుకు చెప్పాలి. అప్పుడు నడుము అంకెను పక్కనపెట్టి తుంటినీ, ముంజేతి ఎముకనూ చూస్తారు. ఎవరూ అడగరు కాబట్టి మనమే చెప్పాల్సిన విషయం ఇది.

ఇప్పుడు ఈమెకు మందు కావాలా? దానికి స్కోరు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న, నలభై దాటాక చిన్న దెబ్బకే ఎముక విరిగిందా అని. నిలబడ్డ ఎత్తు నుంచి పడి తుంటిగానీ వెన్నుపూసగానీ విరిగితే, స్కోరు మైనస్ 1.5 ఉన్నా అది ఆస్టియోపోరోసిస్ కిందికే వస్తుంది. వెన్నుపూస విరగడం చాలాసార్లు నొప్పి లేకుండానే జరిగిపోతుంది. వయసులో ఉన్నప్పటి ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లు తగ్గితే వెన్నెముకకు పక్కనుంచి ఎక్స్‌రే తీయించాలి. ఏమీ విరగలేదంటే, వయసు, బరువు, తల్లిదండ్రులకు తుంటి విరిగిందా, స్టెరాయిడ్ మాత్రలు వాడారా వంటివి కలిపి పదేళ్ళలో విరిగే అవకాశాన్ని ఫ్రాక్స్ అనే లెక్కతో కడతారు. ఆ లెక్క పొగ తాగడం గురించి అడుగుతుంది గానీ, ఈ వైపు నోట్లో ఎప్పుడూ నానుతుండే, పొగాకు కలిపిన ఖర్రా గురించి అడగదు.

మందు మొదలుపెట్టే ముందు రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి చూడాలి. విటమిన్ డి బాగా తగ్గితే ఎముకలో సున్నం సరిగా చేరక మెత్తబడుతుంది. స్కాన్‌లో అది కూడా తక్కువ సాంద్రతగానే కనిపిస్తుంది, ఆస్టియోపోరోసిస్‌తో తేడా తెలియదు. ఆ లోటు తీర్చకుండా జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. జెడ్ స్కోరు మైనస్ 2 కన్నా కింద ఉంటే థైరాయిడ్, పారాథైరాయిడ్ లాంటి వేరే కారణాలు తప్పక వెతకాలి. కాల్షియం మాత్రం రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350, పావు లీటరు పాలలో సుమారు 300 ఉంటుంది. తిండిలో ఎంత తగ్గిందో అంతే మాత్రగా వేసుకుంటే చాలు.

ఊళ్ళో క్యాంపుల్లో మడమ మీద పెట్టి చూసే అల్ట్రాసౌండ్ యంత్రం కూడా టీ స్కోరే ఇస్తుంది. దానికి మైనస్ 2.5 గీత వర్తించదు. ఆ కాగితం పట్టుకుని మందులు మొదలుపెట్టకూడదు, డెక్సా చేయించుకోవాలి.

మళ్ళీ స్కాన్ మామూలుగా రెండేళ్ళకు చేస్తారు. మొదటిది నాగపూర్‌లో చేయించి, రెండోది చుట్టాలింటికి వెళ్ళినప్పుడు హైదరాబాద్‌లో చేయిస్తే రెండింటినీ పోల్చలేం. కంపెనీని బట్టి యంత్రాల కొలతలు మారతాయి. ఒకే కంపెనీవైనా రెండు యంత్రాలు సరిగ్గా ఒకేలా కొలవవు. పోల్చాల్సింది టీ స్కోరును కాదు, గ్రాముల్లో ఉన్న సాంద్రతను. ఒకే యంత్రం మీద కూడా, కాలు కొంచెం తిప్పి పడుకోబెట్టినా అంకె మారుతుంది కాబట్టి, తొడ ఎముక మెడ దగ్గర 7 శాతం, నడుము దగ్గర 5 శాతం లోపు తేడాను కొలతలో ఊగిసలాట కిందే లెక్కించాలి. ఈమె 0.616 రెండేళ్ళకు 0.600 అయితే తగ్గింది 2.6 శాతమే. ఎముక తగ్గిందనిగానీ, మందు పనిచేయలేదనిగానీ ఆ ఒక్క అంకెతో తేల్చలేం.