డైరీ రాయడం వేరు, పుండు గోక్కోవడం వేరు

చిన్నీ, బుజ్జీ, మిగతా పిల్లలందరికీ,

మొన్న ఫ్యామిలీ గ్రూపులో బుజ్జిగాడు "పెద్దమ్మా, డైరీ రాస్తే మనసు తేలికవుతుందంటారు కదా, నాకేంటి రాశాక ఇంకా బరువెక్కింది" అని పెట్టాడు, కింద మీరంతా నవ్వే బొమ్మలు పెట్టారు. వాడు అడిగింది మాత్రం సరైన ప్రశ్నే. అందుకే ఫోన్లో టైప్ చేస్తే తెమలదని ఇలా ఉత్తరంగా రాస్తున్నా, తీరిగ్గా చదవండి.

రాసిన వెంటనే కాస్త దిగులుగా ఉండటం మామూలే. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు కాలేజీ పిల్లల చేత వరుసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమని బాగా బాధపెట్టిన విషయం గురించి రాయించాడు, ఆ స్టడీ 1986లో అచ్చయింది. రాసి పెన్ను పెట్టేసిన ఆ కాసేపూ వాళ్ళకీ మనసు బాగోలేదు. తర్వాత కొన్ని నెలల్లో చూస్తే, ఏం జరిగిందో, దానికి ఏమనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్ళు మిగతావాళ్ళకంటే తక్కువసార్లు డాక్టరు దగ్గరికి వెళ్ళారు. అంటే రాసిన గంటలోపు బరువుంటే కంగారు పడక్కర్లా. కానీ మర్నాడు పొద్దున లేచినా అదే మాట బుర్రలో తిరుగుతూ, మళ్ళీ రాయడానికి కూర్చుంటే నిన్నటి వాక్యమే ఇవాళా పడుతోందంటే అది రాయడం కాదు, పుండు మీద పక్కు గోక్కోవడం.

ఈ రెండిటికీ తేడా ఎలా తెలుస్తుందో చిన్ని పేజీలతోనే చూపిస్తా. దాన్ని అడిగే రాస్తున్నా లెండి, "పెద్దమ్మా రాసుకో, కానీ నా ఫ్రెండ్ పేరు పెట్టకు" అంది.

హాస్టల్లో శనివారం రాత్రి అది రాసిన పేజీ ఇలా ఉంది: "దాన్ని ఎంత నమ్మాను, ఎందుకిలా చేసింది, నాకే ఎందుకు ఇలా జరుగుతుంది, నేనంటే ఎవరికీ ఇష్టం లేదు, నేనెప్పుడూ ఇంతే, ఎందుకు ఇలా చేసింది..." ఇలా పేజీన్నర. మీరు చదివారు కదా, అసలేం జరిగిందో ఏమైనా అర్థమైందా? నాకూ కాలేదు. మెస్సు లేదు, మనిషి లేదు, మాట లేదు, అన్నీ ఎందుకులూ ఎప్పుడూలూ ఎవరూలే. "ఎందుకు" అనే ప్రశ్నతో చిక్కేంటంటే దానికి జవాబు దొరకదు, దొరక్కపోతే మనసు ఊరుకోకుండా "నేను మంచిదాన్ని కాదు కాబట్టి" అని తనే ఓ జవాబు కుట్టేసుకుంటుంది.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు గొడవ మెస్సులో జరిగిందంది. మొదటి ప్రశ్నగా నేను ఒక్కటే చెప్పా: అక్కడ గోడకి కెమెరా ఉంటే దానికేం కనపడేదో అంతే రాయి, ఇంకేం రాయకు అని. అప్పుడు రాసింది: "ప్లేటు పట్టుకుని వెళ్ళేసరికి బెంచీ నిండిపోయింది. అది నన్ను చూసి తల తిప్పుకుంది. పక్కమ్మాయి నవ్వింది. నేను చివరి బెంచీలో కూర్చుని సాంబారన్నం సగం వదిలేశా." ఎవరికీ ఇష్టం లేదన్న మాట ఇందులో ఎక్కడా లేదు చూడండి, కెమెరాకి అది కనపడదు కాబట్టి. పక్కమ్మాయి ఎందుకు నవ్విందో కూడా కనపడదు.

రెండో ప్రశ్న, ఒంట్లో ఎక్కడ తెలిసింది, దాని పేరేంటి. చిన్ని ముందు కోపం అని రాసింది. కోపం ఒక్కటేనా ఇంకేమైనా కలిసి ఉందా అని అడిగితే, చెవులు వేడెక్కాయి, అందరూ చూస్తుండగా ప్లేటుతో నిలబడ్డానని సిగ్గేసింది, రేపు ఎవరి పక్కన కూర్చోవాలా అని భయమేసింది, అని వచ్చింది. ఒకే ముద్దలా అనిపించింది కాస్తా మూడయ్యాయి, వీటిల్లో ఒక్కోదానికి కావాల్సింది ఒక్కోటి. సిగ్గు రెండ్రోజులు పోతే దానంతటదే తగ్గుతుంది, భయానికి రేపటి సంగతి తేల్చుకుంటే చాలు, కోపానికి మాత్రం ఆ పిల్లతో మాట్లాడాల్సిందే. "బాధగా ఉంది" అని రాసి ఆపేస్తే ఇవేవీ బయటికి రావు.

మూడోది, దీనికి ముందు ఏం జరిగింది. అసలు సంగతి ఇక్కడ బయటపడింది: "గురువారం దాని కెమిస్ట్రీ నోట్సు అడక్కుండా తీసుకున్నా, శుక్రవారం టెస్టుకి అది వెతుక్కుంది." పేజీన్నర ఏడ్చినప్పుడు ఈ గురువారం ఎక్కడుందో! అందుకే ఎందుకు అని కాకుండా ఎలా జరిగింది, ముందేంటి తర్వాతేంటి అని అడగమంటాను. పెన్నెబేకర్ తర్వాత ఆ పిల్లల రాతల్లో మాటలు లెక్కపెట్టించి చూస్తే, మేలు జరిగినవాళ్ళ రాతల్లో రోజులు గడిచేకొద్దీ "అందువల్ల", "ఇప్పుడు అర్థమైంది" లాంటి మాటలు పెరిగాయట. మీరూ మీ పేజీలు వెనక్కి తిప్పి చూసుకోండి, మొన్నటికి లేని ముక్క ఇవాళ ఒక్కటైనా వచ్చిందా? వస్తే సరే. ఒకే వాక్యం మూడోసారి పడిందంటే పెన్ను ఆపి కెమెరా ప్రశ్నకి వెళ్ళిపోండి.

అప్పటికీ తెగకపోతే మీ పేరు పెట్టి, వేరే ఎవరి గురించో రాస్తున్నట్టు రాయండి. "చిన్ని ప్లేటు పట్టుకుని నిలబడింది, చిన్నికి ఇప్పుడేం కావాలి?" అని. మొదట్లో నాటకంలా ఉంటుంది, బుజ్జిగాడైతే కచ్చితంగా నవ్వుతాడు, కానీ పక్కవాళ్ళకి సలహా చెప్పేటప్పుడు మనకుండే బుద్ధి మన విషయంలో ఉండదు కదా, అది ఇలా రాస్తే కాస్త వస్తుంది.

ఆఖరి ప్రశ్న చిన్నది: రేపు నేను చెయ్యగలిగింది ఒక్కటి, అదీ ఎప్పుడు. చిన్ని "సోమవారం స్టడీ అవర్ అయ్యాక నోట్సు ఇచ్చేసి సారీ చెప్తా, మెస్సులో ఎందుకు తల తిప్పుకున్నావని అడుగుతా" అని రాసింది. చెప్పింది, అడిగింది, వాళ్ళు రెండ్రోజులు ముక్తసరిగా ఉండి మళ్ళీ మామూలయ్యారు. కొన్నిసార్లు చెయ్యడానికి ఏమీ ఉండదు, అప్పుడు "ఇది నా చేతిలో లేదు" అని రాసి నోట్‌బుక్ మూసెయ్యండి.

ఇంక ఎలా కూర్చోవాలంటే, ఫోన్లో 15 నిమిషాలు టైమర్ పెట్టండి, మోగితే వాక్యం మధ్యలో ఉన్నా ఆపండి. పడుకునే ముందు రాయకండి, సాయంత్రం టీ టైమ్ మేలు, రాశాక లేచి కాళ్ళు కడుక్కోవడమో కిందకి వెళ్ళి నాలుగడుగులు వెయ్యడమో ఏదో ఒకటి చెయ్యండి. ఒక విషయం మీద మూడు నాలుగు రోజులు చాలు, రోజూ రాయాలని రూలేం లేదు. స్పెల్లింగులూ అందమైన చేతిరాతా అవసరమే లేదు.

రాస్తుంటే చెయ్యి వణికిపోయేంత బాధ వస్తే ఆ విషయం వదిలెయ్యండి, అది ఒంటరిగా రాసుకునేది కాదు. బతకడం ఎందుకు అన్నట్టు పడిందంటే నోట్‌బుక్ పక్కన పడేసి నాకో మీ అమ్మకో అర్ధరాత్రయినా సరే ఫోన్ చెయ్యండి, మాతో చెప్పలేనంటే 14416కి చెయ్యండి, అది మనసు బాగోలేనివాళ్ళ కోసం గవర్నమెంటు పెట్టిన టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

ఎవరైనా చదివేస్తారని భయముంటే రాసి చింపెయ్యండి, రాయడంలో జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది. మీ అమ్మలకి, నాన్నలకి కూడా నేను విడిగా చెప్పా, పిల్లల నోట్‌బుక్కులు ముట్టుకున్నారంటే ఈ సంక్రాంతికి అరిసెలు పంపనని.

మీ పెద్దమ్మ