ప్రవాస తెలుగు రాతలు: భాష సమస్యా, లిపి సమస్యా?

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ కోసం ఏదైనా రాయాలంటే ఈరోజు మొదట వచ్చే ప్రశ్న, తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా, రెండింటిలోనా అని. మొదట్లో ఈ ప్రశ్నే లేదు. 1965 వలస చట్టం తర్వాత అక్కడికి వెళ్ళిన డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లలో చాలామంది వారపత్రికలు చదువుతూ పెరిగినవాళ్ళు. చదివేవాళ్ళకు కొదవ లేదు, తెలుగు అచ్చు వేసే దారే లేదు. అయినా 1970ల మొదట్లోనే అట్లాంటా నుంచి ‘తెలుగు భాషా పత్రిక’ వచ్చింది.

భాషను ఎంచుకోవాల్సిన అవసరం నిజంగా 1990లలో వచ్చింది. soc.culture.indian.telugu అనే న్యూస్‌గ్రూప్‌లో, అంటే ఇంటర్నెట్ చర్చావేదికలో, తెలుగువాళ్ళు రోజూ కబుర్లాడుకునేవాళ్ళు, కానీ అక్కడ ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకేమీ వెళ్ళేవి కావు. పద్యం గురించి మాట్లాడాలన్నా వాక్యం ఇంగ్లీషులో నడవాల్సిందే, లేదా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తే చదవడం నరకం. అందుకే హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్ళు ఒక పద్ధతి తయారు చేశారు. దానికి రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్, పొట్టిగా ఆర్.టి.ఎస్. అని పేరు. అందులో పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు:

```
amma iMTiki vacciMdi   అమ్మ ఇంటికి వచ్చింది
pATa                   పాట
pAta                   పాత
kaLa                   కళ
kala                   కల
```

షిఫ్ట్ కీ ఒక్కసారి మరిచిపోతే పాట కాస్తా పాత అయిపోతుంది. అలవాటు పడ్డవాళ్ళు దీన్ని గడగడా చదివేసేవాళ్ళు. మిగిలినవాళ్ళకు రెండు పేరాలు దాటేసరికి ఓపిక అయిపోయేది. అందుకని చాలామంది చర్చంతా ఇంగ్లీషులో నడిపి, పద్యమో సామెతో వచ్చిన చోట మాత్రం ఆర్.టి.ఎస్.కి దిగేవాళ్ళు. ‘రెండు భాషల్లో రాయడం’ అప్పట్లో ఒక అభిప్రాయంగా పుట్టలేదు, కంప్యూటర్‌తో రాజీగా పుట్టింది.

1998లో ‘ఈమాట’ లాంటి పత్రిక ఇంటర్నెట్‌లోనే మొదలైనా చిక్కు తీరలేదు. ఫాంట్లకు తలా ఒక లెక్క ఉండేది, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పేజీ తెరిస్తే గజిబిజి గుర్తులు కనిపించేవి. అన్ని కంప్యూటర్లకూ ఒకే లెక్క ఉండేలా చేసిన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది, కానీ పనికొచ్చింది చాలా ఆలస్యంగా. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ వచ్చినా, అక్షరాలు సరిగ్గా కలవాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి విడిగా టిక్ పెట్టాలి. అది చేయకపోతే ఒత్తులు, గుణింతాలు అక్షరానికి అతుక్కోకుండా దూరంగా నిలబడేవి. చదివేవాళ్ళు తప్పు తమ కంప్యూటర్‌దని అనుకోరు కదా, రాసినవాళ్ళదే అనుకుంటారు. ఆ భయంతో ఇంగ్లీషులోనే ఉండిపోయినవాళ్ళు ఉన్నారు.

ఇప్పుడు ఫోన్‌లో కూడా తెలుగు వచ్చేసింది. యంత్రం అడ్డు తొలగగానే అసలు అడ్డు కనిపించింది. అమెరికాలో పుట్టిన పిల్లల్లో చాలామందికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. 2007లో మొదలైన ‘మనబడి’ లాంటి తరగతులు అక్షరాలు నేర్పుతున్నా, గుణింతాలు కూడబలుక్కోవడానికీ వ్యాసం చదవడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఇది కొత్త కథ కూడా కాదు. 19వ శతాబ్దంలో మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళ వారసులకు ఈరోజు తెలుగు బడిలో నేర్చుకునే భాష, ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా క్రియోల్.

దీనికి సంఘాల సావనీర్లు కనిపెట్టిన ఉపాయం, ఒకే వ్యాసాన్ని తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి వేయడం. నా ఉద్దేశంలో ఇది ఇద్దరికీ పనికిరాదు. బతుకమ్మ మీద వ్యాసం తీసుకోండి. తెలంగాణ నుంచి వెళ్ళిన అమ్మకు తంగేడు, గునుగు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆమెకు కావాల్సింది అవి దొరకని ఊళ్ళో వాటి బదులు ఏ పూలు పేర్చాలి, చామంతులు ఎక్కడ చవక, సద్దుల రోజు పనిరోజున పడితే ఏ శనివారానికి మార్చారు అనేవి. అదే కూతురికైతే పువ్వుల పేర్ల కన్నా ముందు, అందరూ ఎందుకు గుండ్రంగా తిరుగుతున్నారో, ఇంత కష్టపడి పేర్చినదాన్ని నీళ్ళలో ఎందుకు వదిలేస్తారో చెప్పాలి. తల్లి వ్యాసాన్ని ఇంగ్లీషులోకి మారిస్తే కూతురికి పూల పట్టిక మిగులుతుంది. కూతురి వ్యాసాన్ని తెలుగు చేస్తే తల్లికి తెలిసిందే మళ్ళీ చెప్పినట్టవుతుంది.

కాబట్టి రెండు భాషల్లో వేయాలంటే రెండు వ్యాసాలు రాయాలి, వీలైతే ఇద్దరు రాయాలి. ఇంగ్లీషుది అక్కడ పెరిగినవాళ్ళే రాస్తే మరీ మంచిది, ఏది విడమర్చి చెప్పాలో వాళ్ళకే బాగా తెలుసు. అంత తీరిక లేనప్పుడు తెలుగు వ్యాసం పూర్తిగా వేసి, దాన్నే చదివి రికార్డు చేసిన ఆడియో పక్కన పెడితే, చదవలేకపోయినా విని అర్థం చేసుకునే పిల్లలకు ఇంగ్లీషు అనువాదం కన్నా అదే ఎక్కువ అందుతుంది.