‘మా కుక్క ఎప్పుడూ ఎవరినీ కరవలేదు’: ఈ వాదన బలం ఎంత?

పెంపుడు కుక్క కాటు మీద గొడవ రేగిన ప్రతిసారీ యజమాని ముందుగా అనే మాట, ‘మావాడు ఇంతవరకూ ఎవరినీ ఏమీ అనలేదండీ’ అని. ఒకప్పుడు ఈ మాటకు కోర్టుల్లో నిజంగానే బలం ఉండేది. కుక్కకు కరిచే గుణం ఉందని యజమానికి ముందే తెలిసి ఉండాలని ఇంగ్లండ్ పాత న్యాయసూత్రం. ‘మొదటి కాటు ఉచితం’ అనే ఎకసెక్కం దాన్నుంచి పుట్టిందే.

మన దగ్గర మలుపు 1860 నాటిది. జంతువును అదుపులో పెట్టకపోవడాన్ని నేరంగా చెప్పే భారత శిక్షాస్మృతి 289వ సెక్షన్‌లో ‘తెలిసి గానీ, నిర్లక్ష్యం వల్ల గానీ’ అని రాశారు. ఆ రెండో మాటతో పాత కాటు చరిత్ర అవసరం లేకుండా పోయింది. 2024 జులై 1 నుంచి ఇదే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్. జైలు ఆరు నెలల వరకే ఉంది కానీ, జరిమానా పరిమితి వెయ్యి రూపాయల నుంచి ఐదు వేలకు పెరిగింది.

లిఫ్ట్‌లో బెల్టు లేని కుక్క ఒక పిల్లాడి ముంజేతిని కరిచిందనుకుందాం. యజమాని లైసెన్సు, టీకా కార్డు చూపిస్తాడు. అవి ఉండాల్సినవే, లైసెన్సు లేకపోతే మున్సిపల్ చర్య వేరే. కానీ ఇక్కడ ప్రశ్న బెల్టు గురించి, ఆ రెండు కాగితాలూ దానికి జవాబు కాదు. యజమాని తరఫున చెప్పగలిగేది ఒకటుంది: 291కి ప్రాణాపాయమో, తీవ్ర గాయమో జరిగే అవకాశం ఉండాలి, చిన్న గీతకు అది వర్తించదని. అందుకే ఫిర్యాదులో 125వ సెక్షన్ కూడా అడగాలి. నిర్లక్ష్యపు చర్య వల్ల మామూలు గాయమైనా అది పడుతుంది, తీవ్ర గాయమైతే శిక్ష మూడేళ్ల దాకా పెరుగుతుంది.

తీవ్ర గాయమంటే ఏమిటో 116లో ఉంది. ముఖం మీద శాశ్వత మచ్చ దాని కిందికే వస్తుంది. గాయం వల్ల రోజువారీ పనులు చేసుకోలేని గడువును 20 రోజుల నుంచి 15కు తగ్గించారు. దీన్ని చాలామంది గమనించలేదు.

కేసులు వీగిపోయేది ఎక్కువగా కాగితాల దగ్గరే. గాయాన్ని సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఇంజెక్షన్ వేయించుకుని ఊరుకుంటారు. ఎవరి కుక్క, ఎక్కడ, ఎన్నింటికి కరిచిందో ఆసుపత్రి రికార్డులో రాయించుకోవాలి. లిఫ్ట్ సీసీటీవీ దృశ్యాలు కొన్ని రోజుల్లో చెరిగిపోతాయి కాబట్టి భద్రపరచమని అసోసియేషన్‌కు అదే రోజు లిఖితపూర్వకంగా అడగాలి. అపార్ట్‌మెంట్ గ్రూపులో పాత ఫిర్యాదులుంటే దాచుకోవాలి, యజమానికి ముందే తెలుసనడానికి అవే సాక్ష్యం. చికిత్స ఖర్చు రావాలంటే సివిల్ దావా విడిగా వేయాలి. కోర్టు అందులోంచి పరిహారం ఇప్పిస్తే తప్ప, జరిమానా సర్కారు ఖజానాకు పోతుంది.

యజమాని ఆ కుక్కను వెంటనే వేరే ఊరికి పంపేయకూడదు. పది రోజులు కట్టి ఉంచి గమనించాలి. అది బతికి ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేనట్టే.